హాజరు తగ్గితే రాసే లేఖ: కండోనేషన్ లెక్క, కాగితాలు

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో సెమిస్టర్ చివరి వారం వచ్చేసరికి నోటీసు బోర్డు మీదకు రెండు జాబితాలు ఎక్కుతాయి. ఒకటి కండోనేషన్ లిస్టు, రెండోది డిటెన్షన్ లిస్టు. మొదటి జాబితాలో పేరున్నవారు తగిన కారణం చూపి, రుసుము కట్టి పరీక్ష రాయవచ్చు. రెండో జాబితాలో ఉన్నవారికి ఆ సెమిస్టర్ పోయినట్టే. జబ్బుపడి మంచం పట్టిన విద్యార్థి ఈ రెండింటిలో ఎందులో తేలతాడన్నది చాలావరకు హాజరు శాతమే నిర్ణయిస్తుంది. మొదటి జాబితాలో ఉన్నవాడు గట్టెక్కడం మాత్రం అతను రాసే లేఖ మీద, దానికి జతచేసే కాగితాల మీద ఆధారపడుతుంది.

హైదరాబాద్ జేఎన్‌టీయూ బీటెక్ నిబంధనలను ఉదాహరణగా తీసుకోవచ్చు. సెమిస్టర్ పరీక్షలు రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరుండాలి. 65కు తగ్గకుండా, 75కు చేరకుండా ఉన్నవారి కొరతను కాలేజీ అకడమిక్ కమిటీ మన్నించవచ్చు. అందుకు విద్యార్థి స్వయంగా విన్నవించుకోవాలి, సరైన కారణం ఉండాలి, దానికి ఆధారం చూపాలి. 65 శాతం కంటే తగ్గితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మన్నింపు లేదని నిబంధన తేల్చిచెబుతుంది. అక్కడ కారణం ఎంత గట్టిదైనా కమిటీ చేతిలో ఏమీ ఉండదు. పై గీతకూ కింది గీతకూ మధ్య ఉన్న ఆ పది శాతం మేరకే లేఖ పనిచేస్తుంది.

ఎక్కువమంది పొరబడేది ఒక విషయంలో ఉంది. మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులు హాజరులో కలుస్తాయనుకుంటారు. కలవవు. కాలేజీ తరఫున ఎన్‌సీసీ శిబిరానికో, ఆటల పోటీకో వెళ్లినవారికి చాలా కాలేజీలు ఆ రోజుల హాజరు వేస్తాయి. వైద్య సెలవు సంగతి అలా కాదు. ఆస్పత్రిలో ఉన్న రోజులు రిజిస్టరులో గైర్హాజరుగానే ఉండిపోతాయి. 70 శాతం వచ్చినవారికి మన్నింపు దొరికాక కూడా రికార్డులో 70 శాతమే ఉంటుంది, పరీక్షకు మాత్రం అనుమతి వస్తుంది. అందుకే ‘నా సెలవు రోజులకు హాజరు వేయండి’ అని రాసిన లేఖ కమిటీ ఇవ్వలేనిదాన్ని అడుగుతుంది. అడగవలసింది కొరత మన్నింపు. ఎంత కొరత, అందులో జబ్బు వల్ల వచ్చింది ఎంత అన్నది అంకెల్లో చూపాలి.

ఒక ఊహా ఉదాహరణతో ఈ లెక్క తేటపడుతుంది. సివిల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదివే ఒక విద్యార్థిని ఉందనుకుందాం. జూలై 1న మొదలైన సెమిస్టర్‌లో 90 పనిదినాలు, రోజుకు ఆరు పీరియడ్లు, మొత్తం 540. హాజరును లెక్కకట్టేది పీరియడ్ల మీదే కాబట్టి 75 శాతమంటే 405 పీరియడ్లు, 65 శాతమంటే 351. రెంటికీ మధ్య తేడా 54 పీరియడ్లు, అంటే తొమ్మిది రోజులు. పది శాతం అంటే పెద్ద వెసులుబాటులా వినిపిస్తుంది గానీ, రోజుల్లోకి మారిస్తే అంతే.

ఆగస్టు 4న ఆమెకు జ్వరం వచ్చింది. పరీక్షలో డెంగీ అని తేలింది. 5న ఆస్పత్రిలో చేర్చారు, 10న ఇంటికి పంపారు. నీరసం తగ్గక ఆగస్టు 27 వరకు ఇంట్లోనే ఉండి 28న కాలేజీకి వచ్చింది. మూడు ఆదివారాలు, ఆగస్టు 15 పోను ఆమె పోగొట్టుకున్నవి 20 పనిదినాలు. జబ్బుకు ముందు జరిగిన 28 పనిదినాల్లో ఇంటి పనుల మీద నాలుగు రోజులు రాలేదు. అంటే 28న ఆమె తరగతిలో అడుగుపెట్టేసరికి 48 రోజులు నడిచాయి, ఆమె ఉన్నది 24 రోజులు. కాలేజీ పోర్టల్‌లో 50 శాతం కనిపిస్తుంది.

ఆ అంకె చూసి విద్యార్థులు బెంబేలెత్తుతారు. కొందరు ఇక డిటైన్ ఖాయమనుకుని రావడమే మానేస్తారు. కానీ నిబంధన చూసేది సెమిస్టర్ ముగిసేనాటి శాతాన్ని. ఇంకా 42 రోజులున్నాయి. ఒక్కరోజు కూడా మానకుండా వస్తే 90లో 66 రోజులవుతాయి. అది 73 శాతం పైచిలుకు. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఎంత క్రమం తప్పకుండా వచ్చినా ఆమె 75ను అందుకోలేదు కాబట్టి కండోనేషన్ ఎలాగూ కావాలి. 65 మీద నిలబడడం మాత్రం ఆమె చేతిలోనే ఉంది. ఈ లెక్కను తిరిగి వచ్చిన రోజే వేసుకోవాలి. అక్టోబరులో వేసుకుంటే దిద్దుకోవడానికి రోజులు మిగలవు.

మిగిలిన 42 రోజుల్లో ఆమె మరో మూడు రోజులు రాలేదనుకుందాం. చివరికి 63 రోజులు, 378 పీరియడ్లు, సరిగ్గా 70 శాతం. రానివి 162 పీరియడ్లు. వాటిలో డెంగీ వల్ల పోయినవి 120, మిగతా 42 వేరే కారణాలవి. ఇక్కడే ఆమెకు అనుకూలమైన అంకె ఒకటి దొరుకుతుంది. జబ్బు రోజులు పక్కన పెడితే మిగిలిన 70 పనిదినాల్లో ఆమె 63 రోజులు వచ్చింది, అంటే 90 శాతం. ఈ కొరత నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదని చెప్పడానికి ఇంతకంటే గట్టి వాక్యం లేదు. పేదరికం గురించి, తల్లిదండ్రుల ఆశల గురించి అర పేజీ రాసేవారు తమ దగ్గరే ఉన్న ఈ అంకెను రాయడం మరిచిపోతుంటారు.

శాతం లెక్కలో ఇంకొక చిన్న విషయం ఉంది. మిడ్ పరీక్షకు హాజరైతే ఆ థియరీ సబ్జెక్టుకు రెండు పీరియడ్ల హాజరుగా పరిగణించాలని జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో ఉంది. ఐదు సబ్జెక్టులకు పది పీరియడ్లు. 64 దగ్గర ఊగిసలాడేవారికి ఇది చావుబతుకుల తేడా. అవి నమోదయ్యాయో లేదో క్లాస్ ఇన్‌ఛార్జి దగ్గర చూసుకోవాలి. జబ్బు వల్ల మిడ్ పరీక్షే తప్పిపోతే అది వేరే సంగతి, దానికి వేరే దరఖాస్తు. రెండింటినీ ఒకే లేఖలో కలిపితే ఏ సెక్షన్‌కు పంపాలో తెలియక లేఖ ఏదో ఒక బల్ల మీద ఆగిపోతుంది.

లెక్క తరువాత కాగితాలు. కమిటీ ముందుగా చూసేది లేఖను కాదు, వెనక జతచేసినవాటిని. అన్నిటికీ కలిపి చివర్లో తెచ్చిన ఒక్క సర్టిఫికెట్ కంటే ఏ రోజుకు ఆ రోజు పుట్టిన కాగితాలకు విలువ ఎక్కువ. పై విద్యార్థిని విషయంలో ఆగస్టు 4కు ఓపీ చీటీ, డెంగీ రక్తపరీక్ష రిపోర్టు ఉంటాయి. 5 నుంచి 10 వరకు డిశ్చార్జ్ సమ్మరీ సరిపోతుంది. చేరిన తేదీ, పంపిన తేదీ, ఐపీ నంబరు, రోజువారీ ప్లేట్‌లెట్ల సంఖ్య అందులోనే ఉంటాయి. అదే సమ్మరీ చివర రెండు వారాల విశ్రాంతి అని డాక్టరు రాశారు కాబట్టి 11 నుంచి 24 వరకు గడిచింది.

25, 26, 27 తేదీల మాటేమిటి? చాలామంది ఇక్కడే దొరికిపోతారు. విశ్రాంతి గడువు 24తో ముగిసింది, కాలేజీలో చేరింది 28న. నడుమ మూడు పనిదినాలకు, అంటే 18 పీరియడ్లకు ఏ కాగితమూ లేదు. 25న తిరిగి డాక్టరుకు చూపించుకుని, ఇంకా మూడు రోజుల విశ్రాంతి అవసరమని, 28 నుంచి తరగతులకు వెళ్లవచ్చని ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో రాయించుకుంటే ఆ ఖాళీ పూడుతుంది. చూపించుకోకపోతే ఆ మూడు రోజులను మామూలు గైర్హాజరుగానే ఒప్పుకోవాలి. వైద్య కారణం 20 రోజులకు బదులు 17 రోజులవుతుంది, అంతే. దాన్ని కప్పిపుచ్చడానికి అక్టోబరులో ఆగస్టు తేదీతో సర్టిఫికెట్ రాయించుకోవడం అసలైన కాగితాలను కూడా అనుమానంలోకి నెడుతుంది.

అలాంటి సర్టిఫికెట్లను కాలేజీలు ఎలా పట్టుకుంటాయన్నది పెద్ద రహస్యమేమీ కాదు. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ తాను ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్లకు ఒక రిజిస్టరు పెట్టాలి, నకలు దాచాలి, సర్టిఫికెట్ మీద రోగి సంతకమో వేలిముద్రో, దానితోపాటు కనీసం ఒక పుట్టుమచ్చ వంటి గుర్తునూ నమోదు చేయాలి. అనుమానం వస్తే ప్రిన్సిపాల్ కార్యాలయం ఆస్పత్రికి ఫోన్ చేసి సర్టిఫికెట్ నంబరు అడిగితే చాలు. అంతకంటే సులువైన దారి కాలేజీలోనే ఉంది. మంచం మీద ఉన్నానని రాసిన రోజున బయోమెట్రిక్‌లో వేలిముద్ర పడి ఉండటం, ల్యాబ్ రికార్డులో సంతకం ఉండటం జరుగుతుంటాయి. లేఖ ఇచ్చేముందు తాను రాసిన ప్రతి తేదీనీ పోర్టల్‌లోని హాజరుతో పోల్చి చూసుకోవాలి. నిజంగానే జబ్బుపడినవారు కూడా తేదీలు జ్ఞాపకం మీద రాసి ఇలా ఇరుక్కుంటారు.

సర్టిఫికెట్ ఎవరిచ్చారన్నది కూడా చూస్తారు. కాలేజీ నోటీసుల్లో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని ఉంటే, రాష్ట్ర వైద్య మండలిలో నమోదైన డాక్టరని అర్థం. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టరని పిలిచేది డిగ్రీ లేకుండా ప్రథమ చికిత్స చేసేవారిని. ఊళ్లో జ్వరం వచ్చి అక్కడే సూది వేయించుకున్న విద్యార్థి ఆయన చీటీనే తెస్తాడు, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదని కాలేజీ తిప్పిపంపుతుంది. అలాంటివారు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకసారి చూపించుకుని ఓపీ చీటీ తీసుకుని ఉంటే ఈ చిక్కు రాదు. జబ్బు తగ్గాక వెళ్తే ఆ డాక్టరు తాను చూడని రోజులకు సర్టిఫికెట్ ఇవ్వలేరు. ఇవ్వనంటే తప్పుపట్టడానికీ లేదు.

డిశ్చార్జ్ సమ్మరీ పోగొట్టుకున్నవారికి ఒక వెసులుబాటుంది. పైన చెప్పిన నియమావళి ప్రకారమే ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆస్పత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఐపీ నంబరు చెప్పి రాతపూర్వకంగా అడగాలి. బిల్లు మీద కూడా ఆ నంబరుంటుంది.

ఇక లేఖ. అది రెండుసార్లు రాయాల్సిన పని అని గుర్తుంచుకోవాలి. మొదటిది జబ్బుపడిన వారంలోనే నాలుగు వాక్యాల సమాచారం, క్లాస్ ఇన్‌ఛార్జికి లేదా హెచ్‌ఓడీకి. తండ్రో తల్లో మెయిల్‌లో పంపినా సరిపోతుంది. తిరిగి చేరిన రోజున కాగితాల నకళ్లు ఇచ్చి, తన కాపీ మీద తేదీతో సంతకం చేయించుకుంటే ఇంకా మంచిది. రెండోది తరగతులు ముగిశాక, నోటీసు ఇచ్చిన గడువులో పెట్టే అసలు దరఖాస్తు. ఆగస్టులో కాలేజీకి చేరిన ఆ చిన్న సమాచారమే అక్టోబరు దరఖాస్తుకు సాక్ష్యమవుతుంది. జబ్బు సంగతి అప్పుడే కాలేజీకి తెలుసన్నది దానితో రుజువవుతుంది.

అసలు దరఖాస్తును కాలేజీలు సాధారణంగా ఇంగ్లిషులోనే కోరతాయి, కొన్నిచోట్ల అచ్చు ఫారం కూడా ఉంటుంది. ఏ భాషలో రాసినా అందులో ఉండాల్సిన సరుకు ఇదీ:

తేదీ: అక్టోబరు 27

ప్రిన్సిపాల్ గారికి
ద్వారా: శాఖాధిపతి గారు, సివిల్ ఇంజినీరింగ్

విషయం: బీటెక్ రెండో సంవత్సరం, మొదటి సెమిస్టర్‌లో అనారోగ్యం వల్ల ఏర్పడిన హాజరు కొరత మన్నింపు కోసం విన్నపం.

అయ్యా,

నేను సివిల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, ఏ సెక్షన్ విద్యార్థినిని. హాల్ టికెట్ నంబరు పైన రాశాను. ఈ సెమిస్టర్‌లో జరిగిన 540 పీరియడ్లలో నేను 378కి హాజరయ్యాను. నా హాజరు 70 శాతం. పరీక్షకు అవసరమైన దానికంటే 5 శాతం తక్కువ.

ఆగస్టు 4న నాకు డెంగీ జ్వరం వచ్చింది. 5 నుంచి 10 వరకు ఆస్పత్రిలో ఉన్నాను. డాక్టరు సలహాపై 27 వరకు విశ్రాంతి తీసుకుని 28న తరగతులకు వచ్చాను. ఈ కారణంగా 20 పనిదినాలు, 120 పీరియడ్లు పోయాయి. ఈ సంగతిని మా నాన్నగారు ఆగస్టు 6న మా క్లాస్ ఇన్‌ఛార్జి గారికి తెలియజేశారు.

ఇవిగాక ఇంటి పనుల మీద వేర్వేరుగా ఏడు రోజులు నేను రాలేదు. అనారోగ్యపు రోజులు మినహాయిస్తే మిగిలిన 70 పనిదినాల్లో 63 రోజులు హాజరయ్యాను.

జతచేసిన వైద్య పత్రాలను పరిశీలించి, నా హాజరు కొరతను మన్నించి, సెమిస్టర్ పరీక్షలకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను. నిర్ణీత రుసుము చెల్లిస్తాను.

ఇట్లు,
విద్యార్థిని సంతకం
తండ్రి/తల్లి సంతకం

జతచేసినవి: ఆగస్టు 4 నాటి ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టు; డిశ్చార్జ్ సమ్మరీ; ఆగస్టు 25 నాటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్; ఆగస్టు 6 నాటి మెయిల్ ప్రతి.

ఇందులో ఏడు రోజుల మాట ఎందుకు, దాచేయవచ్చు కదా అనిపిస్తుంది. దాచడానికి అక్కడేమీ లేదు. కమిటీ ముందున్న హాజరు పట్టికలో మొత్తం 27 రోజుల గైర్హాజరు కనిపిస్తుంది, సర్టిఫికెట్లు 20 రోజులకే ఉన్నాయి. లేఖ మౌనంగా ఉంటే ఆ తేడాను కమిటీయే కనిపెడుతుంది. తానే రాసుకుంటే అది చిన్న సంగతిగా మిగిలిపోతుంది. ఇక జబ్బు వర్ణన ఒక వాక్యానికి మించనక్కర్లేదు. మానసిక అనారోగ్యం వంటివి బయటపడడం ఇష్టం లేనివారు లేఖలో ‘వైద్య చికిత్స’ అని మాత్రమే రాసి, పత్రాలను మూసిన కవరులో ప్రిన్సిపాల్‌కు ఇస్తామని అడగవచ్చు. హెచ్‌ఓడీ బల్ల మీద, ఆఫీసు గుమాస్తా బల్ల మీద ఆగి వెళ్లే కాగితం అది.

హెచ్‌ఓడీ సిఫారసు రాస్తేనే దరఖాస్తు పైకి కదులుతుంది. నేరుగా ప్రిన్సిపాల్ గదిలో ఇచ్చినవి ‘ద్వారా పంపండి’ అన్న రాతతో తిరిగొస్తాయి. ఈలోగా రెండు రోజులు పోతాయి, రుసుము గడువు దాటిపోతుంది. మూల పత్రాలు ఇవ్వకుండా నకళ్లు ఇచ్చి, మూలాలు చూపించడం మేలు. బీమా క్లెయిముకు కూడా అవే కావాలి.

ఈ శాతాలు అన్ని చదువులకూ ఒకటి కావు. న్యాయవిద్యకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు కోరారు. అసాధారణ కారణాలుంటే ఒక సబ్జెక్టులో 65 వచ్చినా, అన్నీ కలిపి 70 ఉంటే ప్రిన్సిపాల్ అనుమతించవచ్చని రాశారు. అలాంటి చోట లేఖలో మొత్తం శాతం ఒక్కటే రాస్తే చాలదు. తగ్గిన సబ్జెక్టు పేరు, అందులో జరిగిన తరగతులు, హాజరైనవి విడిగా చూపాలి. చేరిన సంవత్సరపు నిబంధనల పుస్తకంలో హాజరు అధ్యాయం ఒకటిరెండు పేజీలకు మించదు. సీనియర్లు చెప్పింది విని లెక్కవేసుకునే బదులు దాన్నే చూడాలి.

65 కిందికి జారిన విద్యార్థి సంగతి వేరు. అతను కండోనేషన్ లేఖ రాయడం వృథా. పచ్చకామెర్లతో ఆరు వారాలు పడుకున్నవారు, ప్రమాదంలో కాలు విరిగినవారు తరచుగా ఈ కోవలోకి వస్తారు. 90 రోజుల సెమిస్టర్‌లో 31 రోజులు మించి గైర్హాజరైతే గీత దాటినట్టే. వారికి ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, పై సెమిస్టర్‌కు పంపరు. మళ్లీ అదే సెమిస్టర్ వచ్చినప్పుడు తిరిగి చేరి, తరగతులు, మిడ్ పరీక్షలు అన్నీ కొత్తగా పూర్తిచేయాలి. వారు రాయాల్సింది రీ-అడ్మిషన్ దరఖాస్తు. ఆలోగా సిలబస్ మారి ఉంటే ఏ సబ్జెక్టులకు బదులు ఏవి చదవాలో పరీక్షల విభాగంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందేవారు స్కాలర్‌షిప్ సెక్షన్‌లో విడిగా అడగాలి. దాని హాజరు లెక్క, కొనసాగింపు షరతులు వేరు. కాలేజీ కమిటీ ఇచ్చే మన్నింపు పరీక్షకు సంబంధించినది మాత్రమే.

65, 75 మధ్య ఉన్నా మన్నింపు హక్కు కాదు. నిబంధనలో ఉన్న మాట ‘మన్నించవచ్చు’ అని. కమిటీ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు. ఏదో ఒక తేదీకి కాగితం లేదన్నదే కారణమైతే అది తెచ్చి మళ్లీ పరిశీలించమని కోరవచ్చు, పరీక్షల ఫీజు గడువు దాటకముందే. ఆమోదం వచ్చిన వెంటనే రుసుము చలానా కట్టి, రసీదు నకలు పరీక్షల విభాగంలో ఇచ్చి, యూనివర్సిటీకి పంపే అర్హుల జాబితాలో హాల్ టికెట్ నంబరు చేరిందో లేదో కళ్లారా చూసుకోవాలి. ఆమోదం అందినా ఆ జాబితాలో నంబరు ఎక్కకపోతే హాల్ టికెట్ రాదు.